ఈ-వే బిల్లు: సరుకు బండెక్కే ముందు నుంచి దిగేదాకా వ్యాపారి, డ్రైవర్ చేయాల్సిన పనులు

విజయవాడలో పైపులు, ఫిట్టింగుల దుకాణం ఉంది. ఖమ్మంలోని ఒక డీలర్‌కు పీవీసీ పైపులు పంపాలి. దుకాణందారు కిరాయికి టాటా ఏస్ మాట్లాడాడు. సరుకు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వెళ్తోంది కాబట్టి బిల్లులో ఐజీఎస్టీ వేస్తారు. ఈ ఒక్క లోడును పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా వెళ్దాం. 1 నుంచి 5 వరకు దుకాణంలో కూర్చునేవారి పని. 6 నుంచి 8 వరకు బండితో వెళ్లేవారి పని. చివరి రెండూ ఇద్దరికీ కావాలి.

## 1. వే బిల్లు కావాలా? ముందు మొత్తం లెక్క వేయండి

సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే వే బిల్లు తప్పనిసరి. రాష్ట్రం దాటే సరుకుకు దేశమంతా ఇదే పరిమితి. ఆంధ్రప్రదేశ్ లోపల, తెలంగాణ లోపల తిరిగే సరుకుకూ ఇదే. తమిళనాడు లాంటి కొన్ని రాష్ట్రాల్లో లోపల తిరిగే సరుకుకు పరిమితి లక్ష రూపాయలు. అయితే మన దగ్గర బయల్దేరి అక్కడికి వెళ్లే లోడుకు ఆ లక్ష వర్తించదు, 50,000 దగ్గరే ఆగాలి.

ఎక్కువమంది పొరపాటు పడేది ఈ విలువ లెక్కలోనే. సరుకు ధర ఒక్కటే చూసి సరిపెట్టుకుంటారు. నిజానికి బిల్లులో వేసిన కిరాయి, పన్ను కూడా కలపాలి. మన లోడు లెక్క ఇలా ఉంటుంది:

- పైపులు: 42,000
- బిల్లులో వేసిన రవాణా ఖర్చు: 2,000
- పన్నుకు ముందు మొత్తం: 44,000
- ఐజీఎస్టీ 18 శాతం: 7,920
- బిల్లు మొత్తం: 51,920

సరుకు 42,000 మాత్రమే, అయినా వే బిల్లు తీయాల్సిందే. 18 శాతం పన్ను ఉన్న సరుకైతే ఒక సులువైన గుర్తు పెట్టుకోండి: పన్నుకు ముందు మొత్తం సుమారు 42,370 దాటిందంటే బిల్లు 50,000 దాటినట్టే. ఒకే బిల్లులో పన్ను లేని సరుకు కూడా ఉంటే దాని విలువను ఈ లెక్కలోంచి తీసేయవచ్చు.

పరిమితి దాటుతోందని ఒకే కొనుగోలుదారుకు, ఒకే రోజు, ఒకే బండిలో వెళ్లే సరుకును రెండు బిల్లులుగా విడగొట్టకండి. వరుస నంబర్లతో రెండు బిల్లులు కనబడితే, పన్ను ఎగ్గొట్టే ఉద్దేశం లేదని నిరూపించుకునే భారం మీ మీద పడుతుంది. వేర్వేరు కొనుగోలుదారులకు వేర్వేరుగా రాసిన 50,000 లోపు బిల్లుల సంగతి వేరు. అవి ఒకే బండిలో వెళ్లినా ఒక్కో బిల్లును విడిగానే చూస్తారు.

## 2. 50 కిలోమీటర్ల మినహాయింపు ఎంతవరకు?

"యాభై కిలోమీటర్ల లోపు వే బిల్లు అక్కర్లేదు" అన్న మాట బజారులో బాగా పాతుకుపోయింది. ఇది తప్పు. దీన్ని నమ్ముకుని బండి పంపితే జరిమానా కట్టాల్సి వస్తుంది.

వే బిల్లులో రెండు భాగాలుంటాయి. `PART-A`లో సరుకు, బిల్లు, అమ్మేవారు, కొనేవారి వివరాలు ఉంటాయి. `PART-B`లో బండి నంబరు ఉంటుంది. 50 కిలోమీటర్ల వెసులుబాటు రెండో భాగానికి మాత్రమే, అదీ రెండే సందర్భాల్లో. మొదటిది, మీ దుకాణం నుంచి ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు సరుకు చేరవేసేటప్పుడు. రెండోది, ట్రాన్స్‌పోర్టు గోడౌన్ నుంచి కొనుగోలుదారు దగ్గరికి చేర్చేటప్పుడు. రెండు చోట్లా ప్రయాణం ఒకే రాష్ట్రం లోపల ఉండాలి. మొదటి భాగం మాత్రం అప్పుడు కూడా నింపి ఉండాలి.

అంటే మీ బండి దుకాణం నుంచి నేరుగా కొనుగోలుదారు దగ్గరికి వెళ్తుంటే, దూరం ఎనిమిది కిలోమీటర్లే అయినా రెండు భాగాలూ కావాలి. మన టాటా ఏస్ నేరుగా ఖమ్మం వెళ్తోంది, కాబట్టి ఇక్కడ ఈ వెసులుబాటు లేదు.

అదే లోడును ట్రాలీ ఆటోలో విజయవాడలోని పార్సిల్ ఆఫీసుకు పంపి, అక్కడి నుంచి లారీలో వేయించారనుకోండి. మీరు మొదటి భాగం నింపి, అందులో ట్రాన్స్‌పోర్టు వాళ్ల 15 అక్షరాల ఐడీ ఇస్తే చాలు. లారీ నంబరు వాళ్లు ఎక్కిస్తారు. మొదటి భాగం తీసిన 15 రోజుల్లోపు ఆ పని జరగాలి.

## 3. పోర్టల్ తెరిచే ముందు

`ewaybillgst.gov.in`లో మీ జీఎస్టీ నంబరుతో ఒకసారి నమోదు చేసుకుంటే చాలు. 2025 ఏప్రిల్ 1 నుంచి అందరికీ పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ కూడా తప్పనిసరి. యజమాని ఫోనుకు వచ్చే ఓటీపీ కోసం బండి గంటసేపు ఆగిపోయే ఇబ్బంది చాలా దుకాణాల్లో ఉంది. దీనికి మందు ఆ పోర్టల్‌లోనే ఉంది. `User Management`లోకి వెళ్లి గుమాస్తా పేరున సబ్ యూజర్‌ను తయారు చేయండి. వాళ్ల ఓటీపీ వాళ్ల ఫోనుకే వస్తుంది. వాళ్లకు వే బిల్లు తీసే అధికారం మాత్రం ఇచ్చి, మిగతావి మీ దగ్గరే ఉంచుకోవచ్చు.

లోడు ఎక్కించడం మొదలుపెట్టక ముందే ఇవి దగ్గర పెట్టుకోండి:

- ట్యాక్స్ ఇన్వాయిస్ నంబరు, తేదీ
- కొనుగోలుదారు జీఎస్టీ నంబరు. తెలంగాణ డీలర్ అయితే 36తో, ఆంధ్రప్రదేశ్ డీలర్ అయితే 37తో మొదలవుతుంది
- సరుకు దిగే చోటి పిన్‌కోడ్
- సరుకు హెచ్ఎస్ఎన్ కోడ్. ప్లాస్టిక్ పైపులకు 3917
- బండి నంబరు. డ్రైవర్ నోటితో చెబితే రాసుకోకండి, నంబర్ ప్లేట్ ఫొటో పంపమనండి
- మీ జీఎస్టీఆర్-3బి రిటర్నులు దాఖలై ఉన్నాయని ధ్రువీకరణ

చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. వరుసగా రెండు పన్ను కాలాల 3బి దాఖలు చేయకపోతే మీ నంబరు మీద వే బిల్లు తీయడం ఆగిపోతుంది. బండి నిండాక ఈ సంగతి బయటపడితే చేయగలిగేది లేదు, రిటర్నులు వేసి నంబరు తెరుచుకునేదాకా సరుకు దింపి పెట్టుకోవాలి.

## 4. మొదటి భాగం నింపడం

`e-Waybill` మెనూలో `Generate New` ఎంచుకోండి. తర్వాత ఈ వరుసలో వెళ్లండి.

1. `Outward` ఎంచుకోండి. దాని కింద `Supply`.
2. డాక్యుమెంట్ రకం `Tax Invoice`. నంబరు, తేదీ బిల్లు మీద ఎలా ఉన్నాయో అలాగే కొట్టండి. బిల్లులో ఉన్న గీతలు, సున్నాలు వదిలేయొద్దు.
3. ఇచ్చిపుచ్చుకునే తీరు అడుగుతుంది. బిల్లు ఎవరి పేరున ఉందో వారి దుకాణంలోనే సరుకు దిగుతుంటే `Regular`. బిల్లు ఖమ్మం డీలర్ పేరున రాసి, సరుకును ఆయన చెప్పిన వేరే కస్టమర్ సైట్‌లో దింపాలంటే `Bill To - Ship To`.
4. కొనుగోలుదారు జీఎస్టీ నంబరు కొట్టగానే పేరు వస్తుంది. ఆ పేరు మీ కొనుగోలుదారుదేనా అని చూడండి. ఆయనకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోతే `URP` అని కొట్టాలి.
5. సరుకు పేరు, హెచ్ఎస్ఎన్, పరిమాణం, పన్నుకు ముందు విలువ, పన్ను రేటు నింపండి. కింద కనిపించే మొత్తం మీ బిల్లు మొత్తంతో రూపాయికి రూపాయి సరిపోవాలి.

మూడో మెట్టు దగ్గర బద్ధకించి అన్నిటికీ `Regular` కొట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. అప్పుడు వే బిల్లులో డీలర్ దుకాణం చిరునామా ఉంటుంది, బండి మాత్రం వేరే ఊరి దారిలో దొరుకుతుంది. సరుకు పక్కదారి పడుతోందన్న అనుమానం అక్కడే మొదలవుతుంది.

దూరం మీరు లెక్కపెట్టాల్సిన పనిలేదు. రెండు పిన్‌కోడ్‌లను బట్టి పోర్టలే చూపుతుంది. దారి మళ్లింపు ఉంటే పది శాతం దాకా పెంచుకోవచ్చు.

## 5. బండి నంబరు, గడువు

రోడ్డు మీద వెళ్లే సరుకుకు `Road` ఎంచుకుని బండి నంబరు మధ్యలో ఖాళీలు లేకుండా కొట్టండి. `O` అక్షరానికి, `0` అంకెకు తేడా చూసుకోండి. `Submit` నొక్కితే 12 అంకెల వే బిల్లు నంబరు వస్తుంది.

బండి నంబరు మొదటిసారి ఎక్కించినప్పటి నుంచే గడువు నడుస్తుంది. ప్రతి 200 కిలోమీటర్లకు, లేదా అందులో ఎంత భాగమైనా, ఒక రోజు. ఆ రోజును 24 గంటలుగా లెక్కపెట్టరు. తీసిన తేదీ తర్వాతి రోజు అర్ధరాత్రితో మొదటి రోజు పూర్తవుతుంది.

మన లోడుకు పోర్టల్ 130 కిలోమీటర్లు చూపిందనుకుందాం. 10వ తేదీ సాయంత్రం 4 గంటలకు తీస్తే 11వ తేదీ అర్ధరాత్రి దాకా చెల్లుతుంది. 10వ తేదీ ఉదయం 6కు తీసినా గడువు అదే. దూరం 230 ఉంటే రెండు రోజులు, అంటే 12వ తేదీ అర్ధరాత్రి దాకా.

అందుకే బండి రాకముందే తొందరపడి రెండో భాగం నింపకండి. మొదటి భాగం పొద్దున్నే చేసి పెట్టుకోండి. లోడు పూర్తయి, తాడు బిగించాక బండి నంబరు ఎక్కించండి. కిరాయి బండ్లలో ఆఖరి నిమిషంలో బండి మారిపోవడం మామూలే కాబట్టి ఈ పద్ధతి చాలా తలనొప్పులు తప్పిస్తుంది.

## 6. డ్రైవర్ చేతికి ఏం ఇవ్వాలి

వే బిల్లు నంబరు ఫోనులో చూపినా చెల్లుతుంది. కానీ ఫోను చార్జింగ్ అయిపోతుంది, సిగ్నల్ పోతుంది. ప్రింటు ఇవ్వడమే మంచిది. బిల్లు విషయంలో ఇంకా జాగ్రత్త. ఇన్వాయిస్‌కు మూడు ప్రతులుంటాయి: మొదటిది కొనుగోలుదారుకు, రెండోది రవాణా చేసేవారికి, మూడోది మీకు. మొదటి రెండూ బండిలో ఉండాలి.

బయల్దేరే ముందు డ్రైవర్ తానే చూసుకోవాల్సినవి:

- వే బిల్లులో ఉన్న బండి నంబరు, ప్లేటు మీది నంబరు ఒకటేనా
- వే బిల్లులో ఉన్న ఇన్వాయిస్ నంబరు, చేతిలో ఉన్న ఇన్వాయిస్ నంబరు ఒకటేనా
- ఎన్ని పైపులు, ఎన్ని పెట్టెలు అని రాసి ఉందో బండిలో అన్నే ఉన్నాయా
- గడువు ఏ తేదీ దాకా ఉంది
- దుకాణంలో ఎవరికి ఫోన్ చేయాలి

బిల్లులో లేని సరుకును "వెళ్లే దారే కదా, ఈ నాలుగు పెట్టెలు కూడా పెట్టు" అని ఎవరిచ్చినా, యజమాని ఇచ్చినా సరే, డ్రైవర్ ఎక్కించుకోకూడదు. లెక్కకు మించి సరుకు దొరికితే సరిగ్గా ఉన్న వే బిల్లు కూడా అనుమానంలో పడుతుంది.

## 7. దారిలో బండి ఆగిపోతే

నందిగామ దాటాక టాటా ఏస్ ఆగిపోయింది, సరుకు వేరే బండిలోకి మార్చాలి. పాత వే బిల్లే పనికొస్తుంది. కానీ కొత్త బండి కదలక ముందే దాని నంబరు ఎక్కాలి.

డ్రైవర్ చేయాల్సింది: కొత్త బండి ప్లేటు ఫొటో, ఆగిన ఊరి పేరు దుకాణానికి పంపి, "ఎక్కించాం, బయల్దేరు" అన్న జవాబు వచ్చేదాకా అక్కడే ఉండటం. దుకాణంలో ఉన్నవారు చేయాల్సింది: `Update Part B/Vehicle`లోకి వెళ్లి, వే బిల్లు నంబరు కొట్టి, కొత్త బండి నంబరు, ఊరు, కారణం ఇచ్చి, కొత్త ప్రింటును డ్రైవర్ ఫోనుకు పంపడం. ట్రాన్స్‌పోర్టు వాళ్ల ఐడీ ఇచ్చి ఉంటే ఈ మార్పు వాళ్లే చేయాలి, కాబట్టి ఫోను వాళ్లకు చేయాలి. బండి మారినంత మాత్రాన గడువు పెరగదు.

గడువు చాలకపోతే పొడిగించుకోవచ్చు. ఆ తలుపు గడువు ముగియడానికి 8 గంటల ముందు తెరుచుకుని, ముగిశాక 8 గంటలకు మూసుకుపోతుంది. మన లోడు గడువు 11వ తేదీ అర్ధరాత్రి కాబట్టి, 11వ తేదీ సాయంత్రం 4 నుంచి 12వ తేదీ ఉదయం 8 లోపు పొడిగించాలి. అర్ధరాత్రి దాటాక, పొడిగింపు వచ్చేలోపు బండి నడపకూడదు. పక్కకు తీసి ఆపుకోండి.

## 8. చెకింగ్‌లో ఆపితే

డ్రైవర్ కాగితాలన్నీ అడిగిన వెంటనే ఇవ్వాలి. అన్నీ సరిపోతే బండిని వదిలేస్తారు. ఏదైనా తేడా కనబడితే అధికారి డ్రైవర్ చేత వాంగ్మూలం రాయిస్తారు. అది `MOV-01` ఫారం. సరుకును తనిఖీ చేయాలనుకుంటే `MOV-02` ఇస్తారు. డ్రైవర్ తనకు తెలిసింది మాత్రమే చెప్పాలి: ఎక్కడ ఎక్కించాడు, ఎక్కడ దింపాలి, ఎవరు పంపారు. ధరలు, పన్ను గురించి ఊహించి చెప్పొద్దు. చదవకుండా సంతకం పెట్టొద్దు. ఇచ్చిన ప్రతి కాగితాన్నీ ఫొటో తీసి వెంటనే దుకాణానికి పంపాలి.

బండిని 30 నిమిషాలకు మించి ఆపితే ఆ సంగతిని పోర్టల్‌లో `EWB-04` రూపంలో నమోదు చేసే వీలుంది. ఒకసారి పూర్తి తనిఖీ జరిగిన సరుకును అదే రాష్ట్రంలో మళ్లీ విప్పించకూడదు, పన్ను ఎగవేతపై ప్రత్యేక సమాచారం ఉంటే తప్ప. అందుకే మొదటి తనిఖీ కాగితం జాగ్రత్తగా దాచుకోవాలి.

వే బిల్లే లేకుండా దొరికితే ఖర్చు ఎంతో చూడండి. సరుకు యజమాని ముందుకొచ్చి విడిపించుకుంటే జరిమానా పన్నుకు రెండింతలు. మన లోడు పన్ను 7,920 కాబట్టి జరిమానా 15,840. యజమాని రాకపోతే సరుకు విలువలో సగం, లేదా పన్నుకు రెండింతలు, ఏది ఎక్కువైతే అది కట్టాలి. 44,000లో సగం 22,000. పట్టుకున్నాక హడావుడిగా తీసిన వే బిల్లు ఆదుకోదు, దాని మీద తీసిన సమయం ఉంటుంది.

## 9. తప్పు దొర్లితే

వే బిల్లును దిద్దడం కుదరదు. బండి నంబరు, ట్రాన్స్‌పోర్టు వాళ్ల ఐడీ మార్చవచ్చు, అంతే. మొదటి భాగంలో ఏ తప్పున్నా 24 గంటల్లోపు రద్దు చేసి కొత్తది తీయాలి. దారిలో అధికారి తనిఖీ చేసి ఉంటే రద్దు కూడా కాదు.

బండి వెళ్లిపోయాక తప్పు కనబడితే ముందు అది ఏ రకమో చూడండి. 2018 సెప్టెంబర్ 14న వచ్చిన 64వ నంబరు సర్క్యులర్ కొన్నింటిని చిన్న తప్పులుగా గుర్తించింది:

- జీఎస్టీ నంబరు సరిగ్గా ఉండి, పేరులో అక్షర దోషం
- చిరునామా సరైనదై, పిన్‌కోడ్ తప్పు. దానివల్ల గడువు పెరగకూడదు
- ఇన్వాయిస్ నంబరులో ఒకటి రెండు అంకెల తేడా
- హెచ్ఎస్ఎన్‌లో మొదటి రెండు అంకెలు, పన్ను రేటు సరైనవై, మిగతా అంకెలు తప్పు
- బండి నంబరులో ఒకటి రెండు అక్షరాలో అంకెలో తేడా

వీటికి కేంద్ర, రాష్ట్ర చట్టాల కింద చెరి 500, మొత్తం 1,000 రూపాయల జరిమానాతో సరిపోవాలి. రాష్ట్రం దాటే సరుకుకు ఐజీఎస్టీ కింద 1,000. ఈ సర్క్యులర్ ప్రింటు ఒకటి బండిలో ఉంచండి, అధికారితో మర్యాదగా మాట్లాడటానికి పనికొస్తుంది. బండి నంబరు పూర్తిగా వేరేదైనా, గడువు దాటిపోయినా ఈ జాబితాలోకి రావు.

కొనుగోలుదారు వైపు నుంచీ ఒక గడియారం నడుస్తుంది. తనకు సంబంధం లేని వే బిల్లును ఆయన 72 గంటల్లోపు, లేదా సరుకు అందేలోపు, ఏది ముందైతే అప్పటికి తిరస్కరించవచ్చు. ఏమీ చేయకపోతే ఒప్పుకున్నట్టే లెక్క.

## 10. సరుకు వెనక్కి వస్తే

ఖమ్మం డీలర్ పైపులు చూసి సైజు వేరే అని దింపుకోలేదు. డ్రైవర్ అదే వే బిల్లుతో వెనక్కి తిరగకూడదు. అది విజయవాడ నుంచి ఖమ్మానికి తీసినది, తిరుగు దారికి చెల్లదు. గడువు మిగిలి ఉన్నా అంతే.

డ్రైవర్ అక్కడే ఆగి దుకాణానికి చెప్పాలి. ఇన్వాయిస్ మీద, ఎందుకు తీసుకోలేదో డీలర్ చేత రాయించి, సంతకం, ముద్ర వేయించుకోవాలి. దుకాణంలో ఉన్నవారు ఈసారి `Inward` ఎంచుకుని, కింద `Sales Return` పెట్టి, ఖమ్మం నుంచి విజయవాడకు కొత్త వే బిల్లు తీయాలి. కొంత సరుకు దించుకుని కొంత వెనక్కి పంపితే, వెనక్కి వచ్చేదాని పరిమాణం, విలువ మాత్రమే అందులో ఉండాలి. కొత్త వే బిల్లు నంబరు ఫోనుకు వచ్చాకే డ్రైవర్ బండి తిప్పాలి.